బ్లాక్ హోల్ నిజంగా కరిగిపోతుందా? పోయిన ఎపిసోడ్‌లో నేను చెప్పిన తప్పు

ఈ రోజు ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి, తర్వాతే టాపిక్.

పోయిన ఎపిసోడ్‌లో హాకింగ్ రేడియేషన్ గురించి ఒక రెండు నిమిషాలు మాట్లాడాను కదా. బ్లాక్ హోల్ అంచు దగ్గర ఖాళీలోంచి ఒక కణం, ఒక యాంటీ కణం జంటగా పుడతాయి, యాంటీ కణం లోపల పడుతుంది, లోపలున్న పదార్థాన్ని కొట్టేస్తుంది, రెండోది బయటికి పారిపోతుంది, అలా బ్లాక్ హోల్ బరువు తగ్గుతుంది అని చెప్పా. యానిమేషన్ కూడా పెట్టా, బానే వచ్చింది. దాని కింద దుమ్ముగూడెం వైపు నుంచి ఇంటర్ సెకండియర్ చదివే ఒక అబ్బాయి కామెంట్ పెట్టాడు. "అన్నా, సగం సార్లు యాంటీ కణం పడితే మిగతా సగం సార్లు మామూలు కణమే పడాలి కదా. అప్పుడు లెక్క సున్నా అవ్వాలి. పైగా యాంటీ కణానికి కూడా బరువు ప్లస్సే కదా?"

నేను రిప్లై టైప్ చేయడం మొదలుపెట్టి ఆగిపోయా. ఎందుకంటే ఆ అబ్బాయి రెండు మాటలూ కరెక్టే. ఎలక్ట్రాన్‌కి యాంటీ కణం పాజిట్రాన్. దాని బరువు ఎలక్ట్రాన్ బరువే, మైనస్ బరువు కాదు. అది బ్లాక్ హోల్‌లో పడితే బ్లాక్ హోల్ బరువు పెరుగుతుంది. లోపల ఇంకో ఎలక్ట్రాన్‌ని కలిసి రెండూ వెలుగుగా మారినా ఆ వెలుగు లోపలే ఉంటుంది, ఎనర్జీ ఎక్కడికీ పోదు. అంటే నేను చెప్పిన కథ ప్రకారం బ్లాక్ హోల్ కరగదు, లావెక్కుతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కోడ్ రన్ అయింది, అవుట్‌పుట్ కూడా కరెక్టే, లాజిక్ మాత్రం తప్పు. ఇలాంటి బగ్ చాలా డేంజర్, ఎవరూ పట్టుకోరు.

అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకే. బ్లాక్ హోల్ ఎందుకు ఎనర్జీ పోగొట్టుకుంటుంది?

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1971లో స్టీఫెన్ హాకింగ్ ఒక సిద్ధాంతం నిరూపించాడు. బ్లాక్ హోల్ చుట్టూ వెనక్కి రాలేని ఒక హద్దు ఉంటుంది, దాన్నే ఈవెంట్ హొరైజన్ అంటాం. ఆ హద్దు వైశాల్యం ఎప్పటికీ తగ్గదు, పెరగొచ్చు లేదా అంతే ఉండొచ్చు. ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న జేకబ్ బెకెన్‌స్టీన్‌కి ఇది ఎంట్రొపీ లాగా అనిపించింది. ఎంట్రొపీ కూడా అంతే కదా, మొత్తంగా చూస్తే తగ్గదు. ఒక వేడి టీ గ్లాసు బ్లాక్ హోల్‌లో పడేస్తే టీ ఎంట్రొపీ బయటి నుంచి మాయమైపోతుంది. అలా మాయం కాకూడదంటే బ్లాక్ హోల్‌కే ఎంట్రొపీ ఉండాలి, అది హొరైజన్ వైశాల్యానికి అనుపాతంలో ఉండాలి అన్నాడు.

హాకింగ్‌కి ఇది నచ్చలేదు. కారణం సింపుల్. ఎంట్రొపీ ఉంటే టెంపరేచర్ ఉండాలి. టెంపరేచర్ ఉంటే ఏదో ఒకటి బయటికి వెదజల్లాలి. బ్లాక్ హోల్ నుంచి ఏదీ బయటికి రాదు, కాబట్టి బెకెన్‌స్టీన్ తప్పు. 1973లో మాస్కో వెళ్లినప్పుడు జెల్డోవిచ్, స్టారోబిన్‌స్కీ అనే ఇద్దరు, తిరిగే బ్లాక్ హోల్స్ కణాలు వదలాలి అని ఆయనకి చెప్పారు. హాకింగ్ తిరిగొచ్చి తన పద్ధతిలో లెక్క వేశాడు. తిరగని బ్లాక్ హోల్ కూడా వదులుతోంది. లెక్కలో తప్పుందేమో అని వెతికాడు, దొరకలేదు. 1974 మార్చిలో నేచర్ పత్రికలో ఆ పేపర్ వచ్చింది. బెకెన్‌స్టీన్‌ని తప్పు అనడానికి వాడిన వాదనే చివరికి ఆయన్ని కరెక్ట్ చేసింది.

ఇప్పుడు అసలు మెకానిజం. ఇక్కడ నిదానంగా వెళ్దాం.

మనలో చాలామంది బొగత జలపాతం చూసుంటారు. వాజేడు మండలం, ఇప్పుడు ములుగు జిల్లా, ఒకప్పుడు మన ఖమ్మం జిల్లానే. ఆ చీకుపల్లి వాగు పైన మెల్లగా పారుతుంది, అంచు దగ్గరికి వచ్చేకొద్దీ స్పీడ్ పెరుగుతుంది. ఈ వాగుని కొంచెం మార్చి ఊహించుకోండి. ఇందులో నీళ్లలో శబ్దం చాలా నెమ్మదిగా పోతుంది. జలపాతానికి ముందు ఒక గీత ఉంది. గీతకి ఇవతల నీటి స్పీడ్ శబ్దం స్పీడ్ కంటే తక్కువ, గీత మీద రెండూ సమానం, అవతల నీటిదే ఎక్కువ. అంటే గీత దాటాక ఎంత అరిచినా ఆ శబ్దం ఎదురీది పైకి రాలేదు, నీళ్లే దాన్ని కిందికి లాక్కుపోతాయి. ఆ గీతే హొరైజన్. ఈ పోలిక కొత్తదేం కాదు, 1981లో విలియం ఉన్రూ అనే కెనడా ఫిజిసిస్ట్ దీన్ని సీరియస్ ఫిజిక్స్‌గా రాశాడు.

ఇప్పుడు ఒక ఖాళీ డ్రమ్ముకి చిన్న స్పీకర్ కట్టి నీళ్లలో వదిలేద్దాం. సెకనుకోసారి బీప్ అంటుంది. మీరు వాగు పైభాగాన కూర్చుని వింటున్నారు. మొదట బీప్‌లు సెకనుకొకటి వస్తాయి. డ్రమ్ము గీతకి దగ్గరయ్యేకొద్దీ ప్రతి బీప్ ఎదురీదడానికి ఇంకా ఎక్కువ టైమ్ తీసుకుంటుంది. గీతకి వెంట్రుకవాసి దూరంలో బయల్దేరిన బీప్ అయితే దాదాపు నిలబడిపోయినట్టే, పాకుతూ పాకుతూ వస్తుంది. గ్యాప్ రెండు సెకన్లు అవుతుంది, నాలుగు అవుతుంది, ఎనిమిది అవుతుంది. ఇది మామూలు వడ్డీ కాదు, చక్రవడ్డీ. బీప్‌ల మధ్య గ్యాప్ మాత్రమే కాదు, ఒక్కో శబ్దతరంగం కూడా అలాగే సాగుతుంది.

నిజమైన బ్లాక్ హోల్‌లో ఈ చక్రవడ్డీకి ఒక ఫిక్స్‌డ్ రేటు ఉంది. సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్ తీసుకోండి. దాని హొరైజన్ వ్యాసార్థం సుమారు 3 కిలోమీటర్లు, అడ్డంగా 6 కిలోమీటర్లు. ఖమ్మం టౌన్‌లో పట్టేస్తుంది. దాని అంచు నుంచి తప్పించుకునే తరంగాలు ప్రతి 20 మైక్రోసెకన్లకి సుమారు 2.7 రెట్లు సాగుతాయి. సెకనులో పది లక్షల వంతుని మైక్రోసెకను అంటాం, అలాంటివి ఇరవై. ఈ 20ని గుర్తుపెట్టుకోండి.

సరే, తరంగాలు సాగాయి. కానీ అక్కడ డ్రమ్ము లేదు, స్పీకర్ లేదు, ఖాళీయే ఉంది. ఖాళీలో సాగడానికి ఏముంది?

ఇక్కడే క్వాంటమ్ వస్తుంది. ఒక దారానికి తాళంచెవి కట్టి వేలాడదీయండి. మన లెక్కలో అది కదలకుండా ఉండగలదు. క్వాంటమ్ లెక్కలో ఉండలేదు. ఎంత ఎనర్జీ పీకేసినా కొంచెం వణుకు మిగులుతుంది, అంతకంటే కిందికి దిగదు. కాంతి లాంటి ఫీల్డ్‌లో ప్రతి ఫ్రీక్వెన్సీ అలాంటి ఒక తాళంచెవే. అన్నీ తమ తమ కనీస వణుకులో ఉంటే దాన్నే మనం ఖాళీ అంటున్నాం. ఖాళీ అంటే ఏమీ లేదని కాదు, ఎవరి దగ్గరా కనీసం కంటే ఒక్క పైసా ఎక్కువ లేదని.

ఇప్పుడు ఆ దారాన్ని పొడవు పెంచండి. ఊపు నెమ్మదిస్తుంది, కొత్త పొడవుకి తగ్గ కనీస వణుకు వేరే ఉంటుంది. చాలా నిదానంగా పెంచితే తాళంచెవి సర్దుకుంటుంది, పాత కనీసం నుంచి కొత్త కనీసానికి మెల్లగా మారిపోతుంది. అదే ఒక ఊపు పూర్తయ్యేలోపే టక్కున పెంచితే? సర్దుకునే టైమ్ దొరకదు. పాత వణుకుతోనే కొత్త దారం మీద మిగిలిపోతుంది. కొత్త లెక్కలో అది కనీసం కంటే ఎక్కువ. ఆ ఎక్కువే కణం. నిజమైన, డిటెక్టర్‌కి దొరికే కణం.

హొరైజన్ దగ్గర జరిగేది ఇదే. అక్కడి ఖాళీ వణుకు బయటికి పాకుతూ సాగిపోతోంది. మొదట ఆ తరంగాలు చాలా పొట్టివి, చాలా ఫాస్ట్, 20 మైక్రోసెకన్లలో కోట్ల సార్లు ఊగుతాయి, కాబట్టి సాగుతున్నా హాయిగా సర్దుకుంటాయి. సాగి సాగి ఒక ఊపుకి పట్టే టైమ్ కూడా ఆ 20 మైక్రోసెకన్ల స్థాయికి వచ్చినప్పుడు ఇక సర్దుకోలేవు. అక్కడ ఖాళీ కాస్తా ఖాళీ కాకుండా పోతుంది. నక్షత్రం కూలిపోకముందు ఖాళీగా ఉన్నదే, కూలిపోయాక చాలాసేపటికి దూరంగా ఉన్నవాడి గడియారంతో చూస్తే, కణాలు ఉన్నదిగా కనిపిస్తుంది. హాకింగ్ లెక్క సారాంశం ఇది. ఇంకో విషయం, సాగడం కచ్చితంగా చక్రవడ్డీ రూపంలో ఉండటం వల్ల వచ్చే కణాల పంపకం అచ్చం వేడి వస్తువు వదిలే వెలుగులాగే ఉంటుంది. అందుకే బ్లాక్ హోల్‌కి టెంపరేచర్ ఉంది అంటున్నాం. బెకెన్‌స్టీన్‌కి కావలసింది అదే.

మరి జంట కథ పూర్తిగా అబద్ధమా? కాదు. ఖాళీ వణుకులో గీతకి ఇవతల ఉన్న భాగం, అవతల ఉన్న భాగం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఇవతలిది కణంగా బయటికొస్తే దానికి జోడీ అవతల ఉంటుంది. తేడా ఎక్కడంటే, లోపలికి పోయేది యాంటీ కణమా కాదా అన్నది అసలు పాయింటే కాదు. బయటికి వచ్చేది కణమైనా, యాంటీ కణమైనా, వాటికి సమాన అవకాశం. కాంతి కణమైతే దాని యాంటీ కూడా అదే. పాయింట్ ఎనర్జీ ఖాతా. దూరంగా ఉన్నవాడి లెక్కలో హొరైజన్ లోపల ఒక తరంగం ఎనర్జీ మైనస్ కావడానికి వీలుంది, బయట ఒంటరి కణానికి అలా వీలు లేదు. మీ ఖాతాలో వంద పడ్డాయంటే ఇంకో ఖాతాలో మైనస్ వంద పడాలి. ఆ మైనస్ ఎంట్రీ ఉండగలిగే చోటు లోపల మాత్రమే. కాబట్టి ప్రతిసారీ నష్టపోయేది బ్లాక్ హోలే, ఒక్కసారి కూడా రివర్స్ కాదు. తమ్ముడూ, నీ సగం సగం ప్రశ్నకి జవాబు ఇది.

ఇంకో తప్పు కూడా నా యానిమేషన్‌లో ఉంది. అంచు మీద చిన్న చిన్న చుక్కలు పుడుతున్నట్టు చూపించా. ఇప్పుడు లెక్క చూద్దాం. టెంపరేచర్ ఫార్ములాలో స్థిరాంకాలన్నీ కలిపేస్తే 1.227e23ని కిలోల్లో బరువుతో భాగించడమే, కెల్విన్‌లో జవాబు వస్తుంది. ఫోన్‌లో పైథాన్ ఉంటే మీరే చూసుకోండి:

```python
M = 2e30   # సూర్యుడి బరువు, కిలోల్లో
print(1.227e23 / M)
```

6.135e-08 వస్తుంది. అంటే ఒక డిగ్రీని 10 కోట్ల ముక్కలు చేస్తే అందులో ఆరు ముక్కలు, ఆబ్సల్యూట్ జీరో పైన అంతే. ఇంత చల్లటి వస్తువు ఎక్కువగా వదిలే తరంగం పొడవు ఎంతో తెలుసా? సుమారు 47 కిలోమీటర్లు. కొత్తగూడెం నుంచి భద్రాచలం రోడ్డు దూరం కంటే ఇంకాస్త ఎక్కువ. బ్లాక్ హోలేమో 6 కిలోమీటర్లు. హోల్ కంటే తరంగమే ఎన్నో రెట్లు పెద్దది, ఇక అది అంచు మీద ఫలానా చోట చుక్కలా పుట్టింది అనడంలో అర్థం లేదు. అంచు చుట్టూ ఉన్న ప్రాంతం మొత్తం కలిసి ఆ తరంగాన్ని తయారు చేస్తుంది.

బరువు ఫార్ములాలో కింద ఉంది, గమనించారా? పెద్ద బ్లాక్ హోల్ అంటే సాగదీత నిదానం, 20 మైక్రోసెకన్ల బదులు ఇంకా ఎక్కువ టైమ్, అంటే తరంగాలు ఇంకా పొడవు, టెంపరేచర్ ఇంకా తక్కువ. చిన్నదైతే వేడి.

మరి ఆకాశంలో ఉన్న బ్లాక్ హోల్స్ ఇప్పుడు కరుగుతున్నాయా? లేదు. మే నెలలో కొత్తగూడెం ఎండలో ఐస్ గడ్డ పెట్టామనుకోండి. ఐస్ కూడా వేడిని వదులుతుంది, కానీ చుట్టూ ఉన్న గాలి దానికి అంతకంటే ఎక్కువ ఇస్తుంది. విశ్వమంతా బిగ్ బ్యాంగ్ మిగిలించిన వెలుగు ఉంది, దాని టెంపరేచర్ 2.7 కెల్విన్. మన బ్లాక్ హోల్‌తో పోలిస్తే నాలుగు కోట్ల రెట్లకి పైగా వేడి. కాబట్టి అది వదిలేదానికంటే మింగేదే ఎక్కువ, ఇప్పుడైతే లావెక్కుతోంది. విశ్వం విస్తరించి ఆ వెలుగు చల్లారాకే కరగడం మొదలవుతుంది. మొదలయ్యాక పూర్తిగా పోవడానికి పట్టే ఏళ్లు, ఒకటి పక్కన 67 సున్నాలు. విశ్వం వయసు ఇప్పటికి 1,380 కోట్ల ఏళ్లు. నేను పోల్చను, పోలిక దొరకదు.

అందుకే ఇంట్రెస్టింగ్ కేసు చిన్న బ్లాక్ హోల్. నక్షత్రాల నుంచి ఇలాంటివి పుట్టవు. బిగ్ బ్యాంగ్ తర్వాత తొలి క్షణాల్లో పుట్టి ఉండొచ్చని ఒక ఆలోచన, అంతే, ఉన్నాయని రుజువు లేదు. వాటిలో సరిగ్గా ఇప్పుడు ఆయుష్షు తీరేవి ఏవంటే, పుట్టినప్పుడు సుమారు 50 కోట్ల టన్నులు ఉన్నవి. మనకి తెలిసిన కొలతలో, సింగరేణి ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తుంది. ఏడేళ్ల సింగరేణి బొగ్గు మొత్తం ఒక ప్రోటాన్ సైజులోకి నొక్కితే అదీ ఆ బ్లాక్ హోల్.

దీని టెంపరేచర్ వేల కోట్ల డిగ్రీల్లో ఉంటుంది. కాంతితో పాటు ఎలక్ట్రాన్లు, న్యూట్రినోలు అన్నీ వదులుతుంది. అన్నీ కలిపి లెక్కేస్తే పవర్ సుమారు 35,000 మెగావాట్లు. పాల్వంచ కేటీపీఎస్ కెపాసిటీ సుమారు 1,800 మెగావాట్లు, అలాంటివి ఇరవై దాకా, ఒక ప్రోటాన్ సైజు వస్తువులోంచి. ఇంత పవర్‌కి ఎంత ఇంధనం ఖర్చవుతుంది? సెకనుకి 0.4 మిల్లీగ్రాములు. ఏడాదికి 12, 13 కిలోలు. బొగ్గు లారీలు లైన్లో నిలబడే ఊళ్లో పెరిగినవాణ్ని కదా, ఈ లైన్ చదివి నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశా.

ఏడాదికి 13 కిలోల లెక్కన 1,380 కోట్ల ఏళ్లకి చూస్తే మూడో వంతు బరువే పోయినట్టు వస్తుంది. మిగతా రెండు వంతులు ఎలా పోయాయి? బరువు తగ్గేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వేగంగా తగ్గుతుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె ఎనర్జీ పోతే చల్లారుతుంది, ఇది ఎనర్జీ పోతే మండిపోతుంది. అందుకే చివర్లో మెల్లగా ఆరిపోదు, గామా కిరణాల మెరుపుతో పోవాలి. ఆ మెరుపుల కోసం టెలిస్కోపులు వెతుకుతూనే ఉన్నాయి. ఇప్పటిదాకా ఒక్కటి కూడా ఖాయంగా దొరకలేదు. అంటే హాకింగ్ తప్పు అనా? కాదు. అలాంటి చిన్న బ్లాక్ హోల్స్ చాలా తక్కువగా ఉన్నాయి, లేదా అసలు లేవు అని మాత్రమే చెప్పగలం.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఈ లెక్క మీద మంచి ఫిజిసిస్టులకే ఉన్న అనుమానం ఇది. తరంగం 20 మైక్రోసెకన్లకోసారి 2.7 రెట్లు సాగుతుంది అన్నాం కదా. ఇప్పుడు టేప్ వెనక్కి తిప్పండి. ఒక్క సెకను వెనక్కి వెళ్తే అలా 50,000 సార్లు కుంచించాలి. ప్రతిసారీ 2.7తో భాగించాలి. రెండు మూడు వందల సార్లలోపే ఆ తరంగం మన ఫిజిక్స్‌కి తెలిసిన ఏ పొడవు కంటే కూడా చిన్నదైపోతుంది. అక్కడ ఏ నియమాలు పనిచేస్తాయో ఎవరికీ తెలియదు. తెలియని చోట మొదలైన తరంగం మీద కట్టిన జవాబుని ఎలా నమ్మాలి?

ఇక్కడే ఉన్రూ వాగు మళ్లీ పనికొస్తుంది. నీళ్లలో కూడా శబ్దతరంగాన్ని ఎంతైనా కుంచించలేం, అణువుల మధ్య దూరం దగ్గర ఆగిపోతుంది. అక్కడ నియమాలు మారిపోతాయని మనకి ముందే తెలుసు. అయినా గీత దగ్గర రేడియేషన్ వస్తుందా? ఉన్రూ తర్వాత కంప్యూటర్‌లో లెక్కేసి చూస్తే వస్తుందనే తేలింది. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో జెఫ్ స్టైన్‌హావర్ దీన్ని ల్యాబ్‌లో చేశాడు. కొన్ని వేల రుబీడియం పరమాణువుల్ని దాదాపు ఆబ్సల్యూట్ జీరోకి చల్లార్చి, వాటిని శబ్దం కంటే వేగంగా పారేలా చేశాడు. అంటే వాగు, గీత రెండూ ల్యాబ్‌లోనే. 2016లో గీతకి ఇటు అటు ఉన్న జోడీలు ముడిపడి ఉన్నట్టు చూపించాడు. 2019లో ఆయన టీమ్ టెంపరేచర్ కొలిచింది, 0.35 నానోకెల్విన్, థియరీ చెప్పిన విలువతో సరిపోయింది.

దీంతో బ్లాక్ హోల్ కరుగుతుందని రుజువైపోయిందా? లేదు, థంబ్‌నెయిల్‌లో అలా పెట్టేవాళ్లని నమ్మకండి. అది శబ్దం, అక్కడ గురుత్వాకర్షణ లేదు. రుజువైంది ఏంటంటే, హొరైజన్ లాంటి గీత ఉంటే ఖాళీ వణుకు కణాలుగా మారే పద్ధతి నిజం, దానికి అతి చిన్న దూరాల్లో ఏం జరుగుతుందో తెలియాల్సిన పని లేదు. ఆకాశంలోని బ్లాక్ హోల్ విషయంలో ఇది ఇంకా అంచనానే. 6e-08 కెల్విన్ సిగ్నల్‌ని 2.7 కెల్విన్ గోలలోంచి పట్టుకునే పరికరం ఎవరి దగ్గరా లేదు.

పాత వీడియోలో ఆ రెండు నిమిషాలు కట్ చేసేశా. కింద పిన్ చేసిన కామెంట్ ఆ దుమ్ముగూడెం తమ్ముడిదే. ఆయన నిన్న ఇంకోటి అడిగాడు. బ్లాక్ హోల్ మొత్తం కరిగిపోతే లోపల పడ్డవాటి సమాచారం ఏమవుతుంది అని. దానికి నా దగ్గర ఇంకా స్క్రిప్ట్ లేదు, రాస్తున్నా.